బయానా కాదు, ఆప్షన్: ఏడాదికి నవల దానంతటది తిరిగి రాదు

“నిర్మాత మీ నవలకి ఆప్షన్ అడిగితే భయపడకండి, సంతకం పెట్టేయండి. అది బయానా లాంటిదే. ఏడాదిలో సినిమా తీయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు వాటంతటవే మనకి తిరిగొచ్చేస్తాయి. తీస్తే మిగతా డబ్బు ఎలాగూ వస్తుంది. 100 రూపాయల స్టాంపు కాగితం మీద ఒక పేజీ రాసుకుంటే చాలు.” (శ్రీకాకుళం, విజయనగరం రచయితల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం)

బయానా పోలిక

రాజాంలోనో బొబ్బిలిలోనో స్థలానికి బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే ఇద్దరికీ ముడి పడుతుంది. అమ్మేవాడు ఇంకొకరికి అమ్మకూడదు, కొనేవాడు గడువులోగా మిగతా సొమ్ము తెచ్చి రిజిస్టరు చేయించుకోవాలి. ఆప్షన్‌లో ముడి పడేది రచయితకి మాత్రమే. ముందే అనుకున్న ధరకి, ఫలానా తేదీలోగా, నవల తెర హక్కులు కొనుక్కునే అవకాశాన్ని నిర్మాత కొంటాడు. కొనాలన్న బాధ్యత అతనికి లేదు. ఇష్టం లేకపోతే కారణం చెప్పకుండా వదిలేసి వెళ్లిపోతాడు. ఆ గడువంతా రచయిత మాత్రం ఇంకొక నిర్మాతకి మాట ఇవ్వకూడదు. ఆప్షన్ సొమ్ము నవల ధరలో మొదటి వాయిదా కాదు, నవలని అంతకాలం ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టినందుకు కూలి.

ఇక్కడ చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది. ప్రతిఫలం లేకుండా “మీకోసం ఏడాది ఆపుతాను” అన్న ఉత్తి మాటకి కాంట్రాక్టు చట్టం ప్రకారం మామూలుగా కట్టుబాటు ఉండదు. కానీ తాంబూలంలో పెట్టి వెయ్యి నూట పదహార్లు ఇచ్చి, అందుకు ప్రతిఫలంగా అని కాగితం మీద రాయించుకుంటే కట్టుబాటు వచ్చేస్తుంది. ఇష్టపూర్వకంగా సంతకం పెట్టిన ఒప్పందం, సొమ్ము చిన్నదన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదు. గౌరవంగా ఇచ్చారు కదా అని పుచ్చుకున్న 1,116 రూపాయలే రెండేళ్లు నవలని కట్టేయగలవు.

ఏడాది గడువు

సందేశంలో కాస్త నిజం ఉన్నది ఈ ముక్కలోనే, అందుకే ఇది ఎక్కువ ప్రమాదం. కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 19(4) ఉంది. హక్కు రాయించుకున్నవాడు రాయించుకున్న రోజు నుంచి ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే ఆ బదిలీ రద్దయినట్టే అని అది చెబుతుంది. అయితే అదే వాక్యం చివర, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అని కూడా ఉంది. నిర్మాతల వైపు లాయర్లు తయారుచేసే ఒప్పందాల్లో “సెక్షన్ 19(4) ఈ బదిలీకి వర్తించదు” అన్న లైను తరచుగా కనిపిస్తుంది. సంతకానికి ముందు వెతకాల్సిన మొదటి లైను అదే.

పైగా ఆ సెక్షన్ మాట్లాడేది హక్కుల బదిలీ గురించి. ఆప్షన్ నడుస్తున్నంతకాలం బదిలీ ఇంకా జరగలేదు, కాబట్టి దాని ఆయుష్షు కాగితం మీద రాసిన తేదీ చెప్పాలి. నిర్మాత ఆప్షన్ వాడుకుని కొనేశాకే బదిలీ మొదలవుతుంది. అప్పుడు కూడా “వాడుకోవడం” అంటే స్క్రిప్టు రాయించడమా, షూటింగా, విడుదలా అన్న తగువు మిగిలే ఉంటుంది. ఆ తగువు చట్టానికి వదలకుండా, కొన్న తేదీ నుంచి ఇన్నేళ్లలో (మూడేళ్లనుకోండి) ప్రధాన షూటింగ్ మొదలుకాకపోతే హక్కులన్నీ రచయితకి తిరిగి చేరతాయని విడిగా రాయించుకోవాలి. ఆ క్లాజు లేకపోతే, “ప్రపంచమంతటా, శాశ్వతంగా” అని రాసిచ్చిన నవల, సినిమా రాకుండానే ఆఫీసు బీరువాలో ఉండిపోతుంది. కాలం, ప్రాంతం గురించి ఏమీ రాయకపోతే చట్టం అయిదేళ్లు, భారతదేశం వరకు అని అనుకుంటుంది. కానీ ఆ రెండు ఖాళీలనీ నిర్మాత లాయరు వదిలిపెడతాడని ఆశ పెట్టుకోవద్దు.

ఆప్షన్ గడువు ఎలా నడుస్తుందో ఒక లెక్క చూద్దాం. సోంపేటలో ఒక టీచరమ్మ పలాస జీడి ఫ్యాక్టరీల మీద నవల రాసి, సొంతంగా అచ్చు వేసుకున్నారనుకుందాం. ఒక నిర్మాత వెబ్ సిరీస్‌కి అడిగాడు. తెర హక్కుల ధర 12 లక్షలు. ఆప్షన్ 12 నెలలకి లక్షా 20 వేలు, నిర్మాత కొంటే ఇది ధరలోంచి మినహాయింపు అవుతుందని రాసుకున్నారు. ఇంకో 12 నెలలు పొడిగించుకోవాలంటే 80 వేలు, ఇది మినహాయింపు కాదు. గడువు సంతకం రోజు నుంచి కాదు, డబ్బు ఖాతాలో పడిన రోజు నుంచి అని రాసుకున్నారు. 2025 జూన్ 10న డబ్బు పడింది. పాన్ ఇచ్చారు కాబట్టి పన్ను కింద 10 శాతం కోసుకుని లక్షా 8 వేలే పడుతుంది, అది తక్కువ ఇచ్చినట్టు కాదు.

గడువు 2026 జూన్ 9తో అయిపోతుంది. పొడిగింపు కావాలంటే ఆ రోజులోగా రాతపూర్వకమైన నోటీసు, 80 వేలు రెండూ చేరాలి. ఆప్షన్ల విషయంలో తేదీ అంటే తేదీయే. 12న డబ్బు వేస్తే ఆప్షన్ అప్పటికే చచ్చిపోయింది. కానీ టీచరమ్మ ఆ డబ్బు ఉంచుకుని ఊరుకుంటే, ఆలస్యాన్ని ఆమె ఒప్పుకున్నట్టే అని నిర్మాత వాదించగలడు. పొడిగించడం ఇష్టం లేకపోతే వెంటనే డబ్బు వెనక్కి పంపి, “ఆప్షన్ 9తో ముగిసింది” అని మెయిల్ చెయ్యాలి. ఇష్టమైతే కొత్త తేదీలతో చిన్న కాగితం రాసుకోవాలి. “స్క్రిప్టు పని నడుస్తుంటే గడువు దానంతటదే పెరుగుతుంది” అన్న లైను ఉంటే మాత్రం ఈ తేదీలన్నీ వృథా, ఎందుకంటే స్క్రిప్టు పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

మిగతా డబ్బు

హక్కు ఎప్పుడు చేతులు మారుతుంది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది అన్నవి రెండు వేరే తేదీలు కావచ్చు, మోసపోయేది వాటి మధ్యనే. మన టీచరమ్మ ఒప్పందంలో “నోటీసు, పూర్తి సొమ్ము రెండూ అందినప్పుడే ఆప్షన్ వాడుకున్నట్టు” అని ఉంది. రెండో ఏడాదిలో నిర్మాత కొంటే 10 లక్షల 80 వేలు ఇవ్వాలి. పన్ను కోతకి ముందు ఆమెకి మొత్తం 12 లక్షల 80 వేలు వస్తాయి. కొనకపోతే 2 లక్షలు ఆమెవే, 2027 జూన్ 9 తర్వాత నవల కూడా ఆమెదే.

ఇదే ఒప్పందంలో “నోటీసుతో హక్కులు బదిలీ అవుతాయి, మిగతా సొమ్ము విడుదలప్పుడు” అని ఉందనుకోండి. నిర్మాత ఒక మెయిల్ పంపుతాడు, హక్కులు అతనివి అయిపోతాయి. సిరీస్ సగంలో ఆగిపోతే విడుదల లేదు, మిగతా సొమ్మూ లేదు. నవల వెనక్కి రప్పించుకోవాలంటే కోర్టే. కొన్ని ఒప్పందాల చివర “హక్కుల బదిలీ పత్రం” అని ఒక పేజీ అతికించి ఉంటుంది, తేదీ ఖాళీగా ఉంటుంది, ఆప్షన్ రోజునే దాని మీద కూడా సంతకం అడుగుతారు. దాన్ని నమూనాగా జత చేయనివ్వండి, సంతకం మాత్రం పూర్తి సొమ్ము అందిన రోజున పెట్టండి.

ధర తర్వాత మాట్లాడుకుందాం అన్న ఆప్షన్ ఆప్షనే కాదు. ధర తేలని ఒప్పందం అస్పష్టమని చెల్లకపోవచ్చు, అది తేలేలోపు ఇంకో నిర్మాత దగ్గరికి రాడు. నికర లాభంలో 2 శాతం అన్న మాటకి పెద్దగా మురిసిపోనక్కర్లేదు. నికరం అంటే ఏమిటో లెక్క రాసేవాడే నిర్ణయిస్తాడు. అంతకంటే, రెండో సీజన్‌కి ఇంత, హిందీ రీమేక్‌కి ఇంత అని ఖాయమైన అంకెలు రాయించుకోండి. డబ్బింగ్ వేరు, రీమేక్ వేరు. “అన్ని భాషలు” అన్న రెండు మాటల్లో రెండూ కలిసి పోతాయి.

ఒక పేజీ కాగితం

హక్కుల బదిలీ రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి, ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఎక్కడెక్కడ, ఎంత సొమ్ము అన్నవి ఉండాలి. చట్టం అడిగేది ఇది. స్టాంపు కాగితం రాతలో లేని షరతుని పుట్టించదు. “నా నవల మీద సర్వహక్కులు ఇస్తున్నాను” అని ఒక్క ముక్క రాసేస్తే, రేపు మన ఊరి నాటక సమాజం ఆ కథని పరిషత్తు పోటీల్లో వేసుకోవాలన్నా హైదరాబాదు వెళ్లి నిర్మాతని అడగాల్సి వస్తుంది. ఇచ్చేది సినిమా, సిరీస్ హక్కులు మాత్రమే అనీ, అచ్చు, ఈబుక్, ఆడియో, నాటకం, రేడియో రచయితవే అనీ పేరుపేరునా రాయాలి.

నిర్మాత వైపు నుంచి కూడా ఒక్క పేజీ చాలదు. నవల సొంతమేనని, హక్కులు ఇంకెవరికీ ఇవ్వలేదని రచయిత హామీ ఇవ్వాలి. అందుకని ముందు పాత కాగితాలు తీసి చూసుకోవాలి. వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు, ప్రచురణకర్తకి ఇచ్చినప్పుడు ఏం రాసిచ్చారో చూడాలి, అందులో తెర హక్కులు కూడా పోయి ఉండవచ్చు. రచయిత పోయాక వారసులు అమ్ముతుంటే వారసులందరి సంతకాలూ కావాలి. విదేశాల్లో ఉన్న ఒక్క అన్నదమ్ముడి సంతకం లేక ఒప్పందం ఆగిపోవచ్చు. నిజం మనుషుల్ని పోలిన పాత్రలుంటే పరువు నష్టం ఖర్చులన్నీ రచయితే భరిస్తారన్న షరతు దగ్గర ఆగి, తనకి అందిన సొమ్ముకి మించకుండా, తను రాసిన నవల వరకే అని పరిమితి పెట్టించాలి. స్క్రిప్టులో వాళ్లు కలిపిన సీనుకి పూచీ వాళ్లదే.

వీటన్నిటికంటే చిన్నదిగా కనిపించేది “ఎన్.ఓ.సి.” డబ్బు మాట లేకుండా, చానెల్‌కి చూపించుకోడానికని, “నాకు అభ్యంతరం లేదు” అని ఉత్తరం అడుగుతారు. అది సినిమా తీసుకోడానికి ఇచ్చిన అనుమతిగా చదువుకునే వీలుంది. ఇవ్వక తప్పకపోతే మూడు లైన్లు చేర్చండి: ఇది ప్రతిపాదన చూపించడానికి మాత్రమే, 90 రోజుల తర్వాత చెల్లదు, ఎలాంటి హక్కూ బదిలీ కావడం లేదు.