నిజాయతీ గల తొమ్మిదో రచయిత

వైద్య పత్రికలకు రాసేవారిలో, ఏఐ సాయం తీసుకుంటే ఆ సంగతి చెప్పాలనే వెల్లడింపు నియమాన్ని త్రికరణశుద్ధిగా పాటించినవారు ఎవరని అడిగితే, నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక యంత్రమే. 2024లో ‘రేడియాలజీ కేస్ రిపోర్ట్స్’ అనే పత్రికలో జెరూసలెంకు చెందిన ఎనిమిది మంది రచయితల పేర్లతో ఒక వ్యాసం వెలువడింది. చికిత్సలో భాగంగా కాలేయానికి వెళ్లే సిరకూ ధమనికీ దెబ్బ తగిలిన నాలుగు నెలల పాపను ఎలా కాపాడారన్నది అందులోని విషయం. చర్చా భాగం ముగింపుకొచ్చి ‘సారాంశంగా’ అని మొదలైన వాక్యం నడుమ, క్షమించమని కోరుతూ, తాను ఏఐ భాషా నమూనానని, ఈ రోగికి సంబంధించిన సమాచారం తన దగ్గర లేదని ఎవరో విన్నవించుకున్నారు. ఎనిమిది మందీ దాచిన సంగతిని పేరు లేని తొమ్మిదో రచయిత తానే బయటపెట్టుకున్నాడన్నమాట. ఆ విన్నపం సమీక్షకులనూ సంపాదకులనూ దాటుకుని అచ్చు దాకా క్షేమంగా చేరింది.

తర్వాత పత్రిక ఆ వ్యాసాన్ని తొలగించింది. రోగి తరఫు సమ్మతి నిబంధన ప్రకారం తీసుకోకపోవడమే కారణమని ప్రకటనలో చెప్పింది. ఏఐ వాడకాన్ని వెల్లడించకపోవడం కూడా నియమోల్లంఘనే గానీ, తొలగింపుకు అది కారణం కాదని ప్రత్యేకంగా పేర్కొంది. ఆ వివరణ చదివి, యంత్రంతో రాయించి చెప్పకుండా ఊరుకున్న సోదర రచయితలు ఎందరు ఊపిరి పీల్చుకున్నారో!

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ 2023లోనే ఈ విషయం తేల్చింది. రాతలోని నిజానిజాలకు పూచీ పడలేదు గనుక యంత్రాన్ని రచయితగా చేర్చకూడదు. వాడుకుంటే కవరింగ్ లెటర్లోనూ వ్యాసంలోనూ చెప్పాలి. వ్యాసంలో ఎక్కడో 2024 సవరణలో వివరించింది: రాయడానికి వాడుకుంటే కృతజ్ఞతల భాగంలో, విశ్లేషణకో చిత్రాలకో వాడితే పద్ధతుల భాగంలో. మనవాళ్లు దీన్ని శిరసావహించి ‘భాషను మెరుగుపరచడానికి మాత్రమే వాడాము’ అనే ఒక్క వాక్యాన్ని కనిపెట్టారు. ఆ ‘మాత్రమే’లో ఎంత ఇముడుతుందో ఒక ఊహా కేసుతో విన్నవిస్తాను.

ఒక పీజీ డాక్టరు దగ్గర రెండు వరుసల నోట్స్ ఉన్నాయనుకోండి: ఆరు రోజుల జ్వరం, ప్లేట్‌లెట్లు 62 వేలు, డెంగీ నెగెటివ్, స్క్రబ్ టైఫస్ ఐజీఎం పాజిటివ్, డాక్సీసైక్లిన్ ఇచ్చాం, డిశ్చార్జి. దీన్ని కాస్త పెంచి, మంచి ఇంగ్లిషులో రాయమని ఆయన యంత్రాన్ని కోరాడు. చంకలో పురుగు కుట్టినచోట నల్లగా పక్కు కట్టిన ఎస్కార్ కనిపించిందనీ, మందు మొదలైన 48 గంటల్లో జ్వరం దిగిపోయిందనీ అది చక్కగా రాసిచ్చింది. పాఠ్యపుస్తకం ప్రకారం రెండూ సబబుగానే ఉన్నాయి కాబట్టి, ఏ సమీక్షకుడికీ అనుమానం రాదు. చిక్కల్లా అసలు రోగితోనే వచ్చింది. ఆయన ఒంటి మీద ఎస్కార్ లేదు, జ్వరం అయిదో రోజు గానీ దిగలేదు. నిజానికి ఆ కేసు రాయదగినదైంది ఆ రెంటి వల్లే. యంత్రం సగటు రోగి కథ రాస్తుంది. కేస్ రిపోర్ట్ పుట్టిందేమో సగటుకు లొంగని రోగి కోసం. పెంచమన్న భాగంలోనే ఆయనకు వైద్యం పూర్తయి, అందరిలాగే బుద్ధిగా నయమైపోయాడు.

ఈ తప్పు వ్యాసాన్ని ఎన్నిసార్లు చదివినా దొరకదు, ఎందుకంటే అందులో తప్పుగా ధ్వనించేది ఏదీ లేదు. కేసు షీటు పక్కన పెట్టుకుని, ప్రతి వాక్యానికీ ఆధారం ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించగలగాలి. జ్వరం సంగతి నర్సులు నింపిన టెంపరేచర్ చార్టులో ఉంటుంది. ఎస్కార్ సంగతి చేరిన రోజు రాసిన పరీక్షలో ఉంటుంది, అక్కడ లేకపోతే ‘చూశాం, లేదు’ అని కూడా రాయకూడదు, నమోదు కాలేదనే రాయాలి. ఇదంతా చేసేబదులు ఆ నాలుగు పేరాలూ సొంతంగా రాసుకోవచ్చు కదా అని కొందరు చాదస్తులు అడుగుతారు గానీ, వారిని పట్టించుకోనక్కర్లేదు.

రిఫరెన్సుల గొడవ కొంత నయం, వెతికితే దొరుకుతుంది. 2023లో ‘క్యూరియస్’ పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో చాట్‌జీపీటీ 3.5 ఇచ్చిన 115 రిఫరెన్సుల్లో 47 శాతం కల్పితాలని, 46 శాతం నిజమైనవే అయినా వివరాలు తప్పని, 7 శాతమే అన్నివిధాలా సరైనవని తేలింది. తర్వాతి నమూనాలు మెరుగయ్యాయనే మాట వాటిని తెరిచి చూడకపోవడానికి చాలా సౌకర్యంగా ఉంది.

కేస్ రిపోర్టులకు ఉన్న ‘కేర్’ మార్గదర్శకాల్లో రోగి తన అనుభవాన్ని తానే చెప్పుకునే భాగం ఒకటుంది. అడిగితే యంత్రం దాన్నీ రాసిపెడుతుంది. అందులో రోగి మొదట భయపడ్డారు, వైద్య బృందంపై నమ్మకం ఉంచారు, ఇప్పుడు వారికి రుణపడి ఉన్నారు. ఆ మాటలు ఆయనవేనా అని ఎవరికైనా తెలుసుకోవాలనిపిస్తే, ఆయన ఫోన్ నంబరు కేసు షీటు మొదటి పేజీలోనే ఉంటుంది.