స్కాలర్‌షిప్ లేఖలో మొదట రావలసిన వాక్యం

విశాఖపట్నంలోని బంధుమిత్రుల పిల్లలు తెలుగులో రాసుకున్న స్కాలర్‌షిప్ లేఖలను మనకు పంపి, విదేశీ విశ్వవిద్యాలయానికి తగినట్లు ఇంగ్లీషులో రాసిపెట్టమని అడుగుతుంటారు. వాక్యానికి వాక్యం మార్చి ఇచ్చేస్తే మనం వారికి సాయపడినట్టు కాదని నా దృఢమైన అభిప్రాయం.

ఇటీవల పెదజాలారిపేట నుంచి ఒక అమ్మాయి లేఖ వచ్చింది. నమస్కారాలు, కుటుంబ కష్టాలు, తల్లిదండ్రుల త్యాగం అన్నీ అయ్యాక, చివరి పేరాలో గాని ఆమె అడుగుతున్న స్కాలర్‌షిప్ పేరు కనిపించలేదు. మన వినతిపత్రాల మర్యాద అదే. కాని వందల దరఖాస్తులు చూసే అడ్మిషన్ల అధికారికి కోర్సు పేరు, స్కాలర్‌షిప్ పేరు, దరఖాస్తు సంఖ్య మొదటి పేరాలోనే కనిపించాలి. అందుకే ఆ చివరి పేరాను ముందుకు తెచ్చాము.

అసలు పని కష్టాల పేరాలో ఉంది. "నాన్నగారు ఎంతో కష్టపడి చదివించారు" అన్న మాటను ఎంత చక్కని ఇంగ్లీషులో పెట్టినా, చదివేవారికి ఏమీ తెలియదు. ఫోన్ చేసి అడిగితే, ఆయన మరబోటుపై కళాసీ అని, జీతం లేక వేటలో వాటా మాత్రమే వస్తుందని, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు బోటు మీద రాబడి ఉండదని, అప్పుడు తాను ట్యూషన్లు చెప్పి పరీక్ష ఫీజు కట్టుకున్నానని ఆమె చెప్పింది. ఇవే మూడు చిన్న వాక్యాలుగా ఇంగ్లీషులోకి వెళ్లాయి. త్యాగం అన్న మాట పోయినా, దాని బరువు పోలేదు.

కుటుంబ వార్షికాదాయం 1,80,000 రూపాయలను అక్కడివారి పద్ధతిలో 180,000 అని రాసి, భారత రూపాయలని స్పష్టం చేశాము. తహసీల్దారు ధ్రువపత్రం జత చేస్తే, ఆయన ప్రభుత్వ రెవెన్యూ అధికారి అని కూడా చెప్పాలి. పదికి ఇన్ని అని వచ్చిన సగటు మార్కులను మాత్రం మనంతట మనం నాలుగుకు ఇన్ని అన్న లెక్కలోకి మార్చకూడదు. మార్కుల పత్రంలో ఉన్నట్లే ఇవ్వాలి.

తీరం కోతపై చేసిన ప్రాజెక్టు విషయంలో ఇంకా జాగ్రత్త కావలసి వచ్చింది. "చేశాము" అని ఆమె రాసింది. నలుగురి బృందంలో ఆర్కే బీచ్ ఇసుక వాలును కొలిచిన భాగం ఆమెది. మొత్తం ప్రాజెక్టు ఆమెదే అన్నట్లు రాస్తే లేఖ గట్టిగా కనిపిస్తుంది గాని, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఆమె ఇబ్బంది పడుతుంది. కనుక బృందం సంగతి చెప్పి, ఆమె కొలిచినదేమిటో విడిగా రాశాము.

లేఖ పూర్తయ్యాక ఒక్కో ఇంగ్లీషు వాక్యాన్నీ తిరిగి తెలుగులో చెప్పమని విద్యార్థినే అడగాలి. ఎక్కడ తడబడితే అక్కడి వాక్యం మనది, వారిది కాదు, దాన్ని తీసేయాలి. సంతకం కింద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా దరఖాస్తుతో సరిపోవాలి.