పాత ఉద్యోగి గురించి ఎవరైనా అడిగితే: ఆ నాలుగు సలహాలకు నా జవాబు

"పాత ఉద్యోగి గురించి రిఫరెన్స్ అడిగితే నాలుగు మంచి మాటలు రాసి పంపేయండి, మన సొమ్మేం పోదు. మంచి రాయడానికి చెయ్యి రాకపోతే చేరిన తేదీ, మానేసిన తేదీ ఇచ్చి ఊరుకోండి. చెడు రాస్తే మాత్రం కేసు పడుతుంది, అది నిజమైనా సరే. అంతగా చెప్పాలనిపిస్తే ఫోన్‌లో చెప్పండి, రికార్డు ఉండదు."

మేనేజర్లు రాసిన రిఫరెన్స్ జవాబుల్ని బయటికి వెళ్లేలోపు చదివి సరిచేయడం నా పనిలో ఒక భాగం. ఈ సందేశం మా వాళ్ల చేతుల్లోకీ వచ్చింది. అందుకే వరసగా ఒక్కో మాటా తీసుకుంటాను.

మొదటిది. మెచ్చుకోలు వల్ల ఎవరికీ నష్టం లేదని అనుకునేవాళ్లు 1997లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు గురించి తెలుసుకోవాలి. ఒక స్కూలు ఉద్యోగి మీద పాత చోట్ల విద్యార్థినులతో అసభ్యంగా ప్రవర్తించాడన్న ఫిర్యాదులున్నాయి. అవి తెలిసీ అక్కడి అధికారులు ఏ మెలికా లేకుండా పొగుడుతూ లేఖలు రాసిచ్చారు. ఆ లేఖలతో చేరిన కొత్త స్కూల్లో అతను తన మీద లైంగిక దాడి చేశాడని ఒక బాలిక దావా వేసింది. ఇతరుల శరీరానికి హాని జరగవచ్చని ఊహించగలిగిన పరిస్థితిలో, అసలు సంగతి దాచి మెచ్చుకున్నవాళ్లు ఆ దావాకు జవాబు చెప్పుకోవాల్సిందేనని కోర్టు తేల్చింది. పూర్తిగా చెప్పడమో, ఏమీ చెప్పకుండా ఉండడమో వాళ్ల చేతిలోనే ఉండిందని కూడా గుర్తుచేసింది.

మన రోజువారీ జవాబుల్లో అంత ఘోరం ఉండదు కానీ పొరపాటు అదే కోవలో జరుగుతుంది. నగదు నిబంధనలు పాటించలేదని వార్నింగ్ లెటర్ అందుకున్న మనిషి గురించి "డబ్బు వ్యవహారాల్లో కళ్లు మూసుకుని నమ్మవచ్చు" అని రాసిన జవాబు ఒకటి నా దగ్గరకు వచ్చింది. రాసినాయన మంచితనంతోనే రాశాడు. ఆ ఉద్యోగి వెళ్లబోయేది మాత్రం క్యాషియర్ ఉద్యోగానికి. ఫైల్లో ఉన్నదంతా బయటపెట్టాలని ఎక్కడా లేదు. ఎప్పుడో జరిగిపోయిన చిన్న మెమోను తవ్వి తీయనక్కర్లేదు. కానీ రాసిన వాక్యానికి, ఫైల్లోని కాగితానికి పొత్తు కుదరకపోతే ఆ వాక్యం తీసేయాలి. అందుకే పొగడ్త ఎక్కువగా ఉన్న జవాబును నేను ముందుగా కొత్త ఉద్యోగం ఏమిటో చూసి చదువుతాను. ఆ ఉద్యోగానికి ప్రాణం లాంటి విషయంలో మనం హామీ ఇస్తున్నామా, దానికి ఆధారం ఉందా అన్నదే నేను చూసేది.

రెండోదానితో నాకు పెద్ద పేచీ లేదు, ఒక్క షరతు తప్ప. తేదీలు, హోదా మాత్రమే ఇచ్చే విధానం చాలా సంస్థల్లో ఉంది, అది సబబే. అయితే అది అందరికీ ఒకటే అయి ఉండాలి. నచ్చినవాళ్లకు పేజీ నిండా రాసి, నచ్చనివాళ్లకు రెండు తేదీలు పంపితే ఆ తేదీలే చాడీ చెబుతాయి. మీ విధానం నిజంగా అదే అయితే ఒక వాక్యం కలపండి: "మాజీ ఉద్యోగులందరి విషయంలోనూ మేం ఈ వివరాలే ఇస్తాం, దీన్ని అనుకూలంగానో ప్రతికూలంగానో తీసుకోవద్దు."

ఇక మూడోది. జనాన్ని ఎక్కువగా భయపెట్టేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకుందాం. చట్టం దేశానికో రకంగా ఉంటుంది. పక్కాగా రాసినా దావా వేయాలనుకున్నవాణ్ని ఎవరూ ఆపలేరన్నదీ నిజమే. కానీ పరువునష్టం విషయంలో చాలా చోట్ల నిజమే గట్టి రక్షణ. మరి సంస్థలు ఎక్కడ దొరికిపోతున్నాయి? 1994లో, అప్పటికి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ తీర్పిచ్చిన స్ప్రింగ్ కేసు చూడండి. ఒక బీమా విక్రేత గురించి పాత సంస్థ, అతనికి నిజాయితీ లేదన్న అర్థం వచ్చేలా రిఫరెన్స్ ఇచ్చింది. విచారణలో తేలింది వేరు: అతను పని సరిగా రాక తప్పులు చేశాడే గానీ మోసం చేయలేదు. రాసినవాళ్లకు కక్ష లేదు, రాసింది నిజమనే నమ్మారు. సరిచూసుకోలేదు, అంతే. రిఫరెన్స్ రాసేవాళ్లకు ఆ ఉద్యోగి పట్ల జాగ్రత్త వహించాల్సిన బాధ్యత ఉందని అక్కడ స్థిరపడింది. అంటే చెడు రాయడం ఒక్కటే అక్కడ ప్రమాదం తెచ్చిపెట్టలేదు. ఆధారం చూడకుండా రాయడం తెచ్చిపెట్టింది.

ఆధారం చూడడమంటే ఏమిటో ఒక జవాబు మీద చూపిస్తాను. మూడేళ్లు బిల్లుల చెల్లింపు చూసి మానేసిన ఒక అకౌంటెంట్ గురించి కొత్త సంస్థ పని తీరు, సమయపాలన, నిజాయితీ, మళ్లీ తీసుకుంటారా అని అడిగింది. మేనేజర్ రాసి పంపిన చిత్తు ప్రతి ఇది:

"మూడేళ్లు మా దగ్గర చేశాడు. పని వచ్చు గానీ నిర్లక్ష్యం ఎక్కువ. వేళకు రాడు. ఒంట్లో బాగోలేదని తరచూ సెలవు పెట్టేవాడు. ఒక వెండర్‌కు రెండుసార్లు డబ్బు వెళ్లిన విషయంలో అనుమానాలున్నాయి. మళ్లీ తీసుకోం."

పక్కన మూడేళ్ల అప్రైజల్ ఫారాలు, హాజరు పట్టీ, ఆ చెల్లింపు తాలూకు మెయిళ్లు పెట్టుకుని కూర్చున్నాం.

"నిర్లక్ష్యం" అన్నది మనిషి మీద తీర్పు. చూసిందేమిటని అడిగితే, చివరి ఆరు నెలల్లో నెలాఖరు లెక్కల ముగింపు రెండుసార్లు ఆలస్యమైందన్నాడు. మెయిళ్లలో అది ఉంది, ఆఖరి అప్రైజల్‌లో ఉద్యోగికి చెప్పి సంతకం కూడా తీసుకున్నారు. కాబట్టి అది ఉండాల్సిందే, మొహమాటం అక్కర్లేదు. అయితే అదే మేనేజర్ మొదటి రెండేళ్లూ "అంచనాలకు మించి" అని రేటింగ్ ఇచ్చాడు. మూడో ఏడు "అంచనాల మేరకు". చిత్తు ప్రతిలో ఆ రెండేళ్లూ ఎక్కడికో పోయాయి. ఇందులో దురుద్దేశం వెతకనక్కర్లేదు. మనిషి వెళ్లిపోయాక మనకు గుర్తుండేది చివరి కొన్ని నెలలే. అప్రైజల్ ఫారాలు పక్కన పెట్టుకోకుండా రాసిన ఏ జవాబులోనైనా ఇది కనిపిస్తుంది.

"వేళకు రాడు" దగ్గర చాలాసేపు ఆగిపోయాం. హాజరు పట్టీలో ఆలస్యాలు పదకొండు, అన్నీ చివరి నాలుగు నెలల్లోవే. రాసుకోవడానికి సరిపోయే అంకెలానే ఉంది. మెయిళ్లు తెరిస్తే అందులో ఏడు రోజులకు ఆలస్యంగా వస్తానని ముందే అనుమతి తీసుకున్నాడు, చికిత్స కోసం. అనుమతిచ్చింది మేనేజరే. మిగిలినవి నాలుగు, వాటి మీద ఒక్క మెమో కూడా లేదు. మూడేళ్లలో నాలుగు ఆలస్యాలున్న మనిషిని వేళకు రానివాడనలేం. పట్టీ ఒక్కటే చూసి ఉంటే "ఆధారం ఉంది" అనుకుని తప్పు రాసేవాళ్లం. ఆరోగ్యం సంగతి చూసే పనే లేకుండా కొట్టేశాం. మంజూరైన సెలవును తప్పుగా చూపడం అన్యాయం, ఒకరి జబ్బు గురించి మూడోవాళ్లకు చెప్పే హక్కు మనకు లేదు.

రెండుసార్లు వెళ్లిన డబ్బు విషయం అన్నిటికన్నా బరువైనది. జరిగిందేమిటంటే, ఒకే ఇన్‌వాయిస్ నంబరు ఒకసారి మధ్యలో గీతతో, ఒకసారి గీత లేకుండా ఎంట్రీ అయింది. సాఫ్ట్‌వేర్ రెంటినీ వేర్వేరు బిల్లులనుకుంది. ఎంట్రీ చేసింది అకౌంటెంట్, రెండింటినీ ఆమోదించింది ఈ చిత్తు ప్రతి రాసిన మేనేజర్! తర్వాతి బిల్లులో వెండర్ ఆ మొత్తం సర్దేశాడు. విచారణ జరగలేదు, వివరణ అడగలేదు, తన మీద అనుమానం ఉన్నట్టు ఆ ఉద్యోగికి తెలియనే తెలియదు. అతనితో ఎన్నడూ అనని మాట అతని వెనక ఇంకొకరికి రాయకూడదు. విచారణ జరిపి, అతని మాట విని, బాధ్యుడని తేల్చి ఉంటే ఆ తేలిన విషయం అంతవరకు రాసేవాళ్లం. విచారణ నడుస్తుండగా మానేస్తే, అది పూర్తి కాలేదన్న సంగతి కూడా ఆ వాక్యంలోనే ఉండాలి. ఇక్కడ ఆ రెండూ లేవు. పైగా ఆ సంఘటనలో తనకూ వాటా ఉన్న మనిషి దాని గురించి ఒంటరిగా రాయడం అసలే పనికిరాదు. ఆ జవాబు మీద రెండో సంతకం నాది పడింది.

"మళ్లీ తీసుకోం" ఎందుకని అడిగితే, లెక్కల ముగింపు రోజుల్లో రాజీనామా చేశాడన్న కోపం తప్ప కారణం దొరకలేదు. నోటీస్ పీరియడ్ పూర్తిగా చేశాడు. ఆ ప్రశ్నకు ఎవరి విషయంలోనూ జవాబివ్వకూడదని మా విధానం, కాబట్టి ఇవ్వలేదు. చివరికి వెళ్లింది ఇది:

"మా సంస్థలో మూడేళ్లు బిల్లుల చెల్లింపు విభాగంలో పనిచేశారు. మొదటి రెండేళ్ల అప్రైజల్‌లో పని అంచనాలకు మించి ఉందని, మూడో ఏట అంచనాల మేరకు ఉందని నమోదైంది. చివరి ఆరు నెలల్లో నెలాఖరు లెక్కల ముగింపు రెండుసార్లు ఆలస్యమైంది, ఈ విషయం అప్రైజల్‌లో ఆయనతో చర్చించాం. సమయపాలన సంతృప్తికరం. నిజాయితీ విషయంలో మా రికార్డుల్లో ప్రతికూలంగా ఏమీ లేదు. తిరిగి తీసుకోవడం గురించిన ప్రశ్నకు మేం ఎవరి విషయంలోనూ జవాబివ్వం. ఈ వివరాలు ఆయన పర్యవేక్షకుడి పరిశీలన, మా రికార్డుల ఆధారంగా ఇచ్చినవి."

మేనేజర్‌కు ఇది చప్పగా అనిపించింది. అనిపించనివ్వండి. ఇందులో ఉద్యోగి పనిలోని లోపం ఒకటి ఉంది, దానికి రికార్డుంది, అతను చదివినా కాదనలేడు.

నాలుగోది, ఫోన్. రికార్డు ఉండదన్నది మన భ్రమే. అవతలివాళ్లు మనం మాట్లాడుతుండగానే ఫారం నింపుతారు, అది ఆ అభ్యర్థి ఫైల్లోకి వెళ్తుంది. తేడా ఏమిటంటే, అక్కడుండేది మన వాక్యం కాదు, వాళ్లకు అర్థమైన వాక్యం. "లెక్కల ముగింపు రెండుసార్లు ఆలస్యమైంది" అన్నది "పనిలో ఆలస్యం" అని ఫారంలో పడితే మనం ఖండించడానికి కాగితం లేదు. మాటల మధ్య ఒక నిట్టూర్పు, "ఆ విషయం అడక్కండి సార్" అని ఒక నవ్వు, ఇవి రాసిన ఏ ఆరోపణ కన్నా ఎక్కువ చెడు చేస్తాయి.

ఫోన్ వస్తే నేను పాటించే పద్ధతి ఇదీ. అడుగుతున్నది నిజంగా ఆ సంస్థవాళ్లేనా అని వాళ్ల ఆఫీసు నంబరు వెతికి, దానికి నేనే తిరిగి ఫోన్ చేస్తాను. ప్రశ్నలు మెయిల్‌లో పంపమంటాను. మాట్లాడక తప్పకపోతే, సరిచూసిన జవాబు ముందు పెట్టుకుని అందులో ఉన్నదే చదువుతాను. పెట్టేశాక ఎవరితో, ఎప్పుడు, ఏం చెప్పానో ఫైల్లో రాస్తాను. దాదాపు ప్రతిసారీ చివర్లో ఒక ప్రశ్న వస్తుంది: "మనలో మాట, మీరైతే ఇతన్ని తీసుకుంటారా?" రాసి పంపినదానికి కలిపేదేమీ లేదని చెబుతాను. ఆ ప్రశ్న అడిగారన్నది కూడా ఫైల్లో రాసి పెడతాను.