రిపోర్టులో ఉన్న టీఎస్‌హెచ్ రేంజ్ గర్భిణిది కాదు

"ప్రెగ్నెన్సీలో థైరాయిడ్ గురించి టెన్షన్ వద్దు. రిపోర్టులో పక్కనే రేంజ్ ఇస్తారు. అందులో ఉంటే నార్మల్, తగ్గితే హైపర్, పెరిగితే హైపో. ఎన్నో నెల అయినా ఒకటే లెక్క. ముందు నుంచీ మాత్ర వాడేవాళ్లు అదే డోసు కొనసాగిస్తే చాలు." ఇలాంటి సలహా వినిపిస్తుంటుంది, కానీ అది తప్పు.

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పని చేయించే హార్మోన్. గ్రంథి అతిగా పని చేస్తే హైపర్, చాలినంత చేయకపోతే హైపో. ముందు ఆ రేంజ్ ఎవరిదో చూడాలి. చాలా రిపోర్టుల్లో కనిపించే 0.4 నుంచి 4.5 లాంటి అంకెలు గర్భం లేని, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల రక్తం పరీక్షించి పెట్టిన హద్దులు. ఈ రక్తం గర్భిణిదని మిషన్‌కు తెలియదు. అందరికీ కొట్టినట్టే ఆమె రిపోర్టులోనూ ఎక్కువైతే హెచ్ అనో, తక్కువైతే ఎల్ అనో కొడుతుంది.

ఎన్నో నెల అన్నదానితోనూ సంబంధం ఉంది. ప్రెగ్నెన్సీ కిట్ మీద రెండో గీత తెప్పించే హెచ్‌సీజీ హార్మోన్, నిర్మాణంలో టీఎస్‌హెచ్‌కు దగ్గరి బంధువు. అది కూడా థైరాయిడ్ గ్రంథిని కొంతవరకు పని చేయిస్తుంది. గ్రంథి ఎలాగూ పని చేస్తోంది కాబట్టి మెదడు కింద ఉన్న పిట్యూటరీ తన టీఎస్‌హెచ్‌ను తగ్గించుకుంటుంది. హెచ్‌సీజీ సుమారు 8 నుంచి 11 వారాల మధ్య శిఖరానికి చేరుతుంది. టీఎస్‌హెచ్ బాగా పడిపోయేదీ దాదాపు అప్పుడే. తర్వాత హెచ్‌సీజీ దిగుతుంది, టీఎస్‌హెచ్ మెల్లగా మామూలు స్థాయి వైపు వస్తుంది.

అందుకే "తగ్గితే హైపర్" అన్న మాట నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. 10వ వారంలో ఒకామెకు 0.12 వచ్చిందనుకుందాం. రిపోర్టులో ఎల్ అని ఉంటుంది. కానీ ఆ వారాల్లో కింది హద్దు సుమారు 0.1 దాకా దిగుతుంది. కవలలైతే ఇంకా తగ్గొచ్చు. థైరాయిడ్ గ్రంథి ఇచ్చే హార్మోన్ ఫ్రీ టీ4 మామూలుగా ఉండి, గొంతు దగ్గర వాపు, కళ్లలో మార్పు లేకపోతే, గర్భానికి ముందు గుండెదడ, బరువు తగ్గడం లాంటివి కూడా లేకపోతే, సాధారణంగా కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్షిస్తారు. రెండో త్రైమాసికంలో అంకె పైకి వస్తే ఆ తగ్గుదల హెచ్‌సీజీ చేసిన పనే. థైరాయిడ్ అతిగా పని చేసే గ్రేవ్స్ జబ్బు అనుమానం ఉంటే టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీల పరీక్ష తేడా చెబుతుంది. ఎల్ అక్షరం చూసి థైరాయిడ్ జోరు తగ్గించే కార్బిమజోల్ మొదలుపెట్టడం ప్రమాదం. బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునే 6 నుంచి 10 వారాల్లో ఆ మందు వల్ల పుట్టుకతో లోపాలు రావచ్చు.

"రేంజ్‌లో ఉంటే నార్మల్" అన్నది ఇంకోవైపు తప్పుదారి పట్టిస్తుంది. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2011లో మొదటి త్రైమాసికానికి 2.5, తర్వాత 3.0 పై హద్దులుగా చెప్పింది. ఆ హద్దులతో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా చాలామంది రోగుల లెక్కలోకి వచ్చేశారు. 2017లో మార్చింది: స్థానిక గర్భిణుల నుంచి తీసిన హద్దులు ఉంటే అవే వాడాలి, లేకపోతే 7 నుంచి 12 వారాల మధ్య పై హద్దు సుమారు 4.0. కాబట్టి 2.5 దాటిన ప్రతి ఒక్కరికీ మాత్ర అక్కర్లేదు. హద్దు దాటిందా, థైరాయిడ్ మీద దాడి చేసే టీపీఓ యాంటీబాడీలు ఉన్నాయా అన్నవి రెండూ కలిపి చూస్తారు. 10 దాటితే మాత్రం యాంటీబాడీలు లేకపోయినా మందు ఇస్తారు.

ముందే హైపోథైరాయిడ్ ఉండి మాత్ర వాడేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు లక్ష్యం 2.5 కంటే తక్కువ. రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకునే ఒకామెకు గర్భానికి ముందు 1.8 ఉంది, 7వ వారంలో 4.2 వచ్చిందనుకుందాం. రిపోర్టులో హెచ్ రాదు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ అంకె ఆమెకు హార్మోన్ చాలడం లేదని చెబుతోంది. గర్భంలో ఈస్ట్రోజన్ వల్ల రక్తంలో హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్ పెరుగుతుంది. పైగా మొదటి నెలల్లో బిడ్డ తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. ఆరోగ్యమైన గ్రంథి ఉత్పత్తి పెంచి సర్దుకుంటుంది. దెబ్బతిన్న గ్రంథికి ఆ శక్తి లేదు, మాత్రే పెరగాలి. అందుకే గర్భం తెలియగానే డాక్టర్లు డోసు 25 నుంచి 30 శాతం పెంచుతుంటారు. సులువైన పద్ధతి ఒకటి ఉంది: వారానికి 7 మాత్రల బదులు 9. ఈమె విషయంలో 525 మైక్రోగ్రాములు 675 అవుతాయి. ఎంత పెంచాలో డాక్టరే చెప్పాలి, కానీ డాక్టర్‌కు చేసే ఫోన్ తర్వాతి చెకప్ దాకా ఆగకూడదు.

తర్వాత గర్భం సగం వచ్చేదాకా 4 వారాలకోసారి, 30వ వారం దగ్గర మళ్లీ పరీక్ష. డోసు పెంచినా అంకె దిగకపోతే ఐరన్, కాల్షియం మాత్రలు ఎప్పుడు వేసుకుంటున్నారో చూడండి. అవి థైరాయిడ్ మాత్రను పేగుల్లోనే పట్టేసుకుంటాయి, మధ్యలో 4 గంటల ఎడం ఉండాలి. కాన్పు తర్వాత సాధారణంగా పాత డోసుకే వస్తారు, సుమారు 6 వారాలకు మళ్లీ రక్తం ఇస్తారు. రిపోర్టు పక్కన ముద్రించిన రేంజ్ ఆమెకు మళ్లీ పనికొచ్చేది అప్పుడే.