సగటు పది శాతం అన్నంత మాత్రాన పదేళ్లకి ఇరవై ఆరు లక్షలు చేతికి రావు

ఇప్పుడే పాలకొల్లులో బాబాయి వాళ్లింటి నుంచి వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. రాత్రి పడుకునేలోపు ఇది రాసేయకపోతే నాకు నిద్ర పట్టదు.

బాబాయి రిటైరైన టీచరు. కోనసీమలో ఉన్న కొబ్బరి తోటలో తన వాటా అమ్మి, అప్పులు తీర్చగా పది లక్షలు మిగిలాయి. అది మనవరాలి చదువు కోసం. నేను వెళ్లేసరికి వరండాలో ఒక పెట్టుబడి స్కీము ఏజెంటు కూర్చుని ఉన్నాడు. చేతిలో మెరుస్తున్న కాగితం, దాని మీద నున్నగా పైకి వెళ్లే ఒకే ఒక్క గీత. "రాబడి ఏటా మారుద్దండి, కానీ సగటున పది శాతమండి. పదేళ్లకి 25 లక్షల 94 వేలండి మాస్టారూ" అంటున్నాడు. బాబాయి నా వైపు తిరిగి "ఇరవై ఆరు వస్తాయంటమ్మా, పిల్ల ఇంజనీరింగుకి సరిపోద్ది" అన్నారు. ఆయన కళ్లలో ఆ నిశ్చింత చూసి నా కడుపు రగిలిపోయింది.

నేను డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆ 25.94 లెక్క తప్పు కాదు, అదే అసలు బాధ. లెక్క సరైనదే. దాన్ని బాబాయి చేత ఎలా చదివించారో అది తప్పు.

ఆ కాగితం వెనక్కి తిప్పి నేను బాబాయికి చెప్పిందే ఇక్కడ మీకూ చెబుతున్నాను. సులువుగా ఉండాలని ఒక ఏడాదికి రెండే అవకాశాలు పెట్టుకుందాం. సగం అవకాశం డబ్బు 30 శాతం పెరుగుతుంది, సగం అవకాశం 10 శాతం తగ్గుతుంది. సగటు పది శాతం, ఏజెంటు చెప్పిందే. ఒక ఏడు ఎలా నడిచిందన్న దానికి, తర్వాతి ఏడుకి సంబంధం లేదనుకుందాం.

రెండేళ్లకి నాలుగు దారులు. రెండేళ్లూ పెరిగితే పది లక్షలు 16.9 లక్షలవుతాయి. ముందు పెరిగి తర్వాత తగ్గితే 13 అయి, 11.7కి దిగుతాయి. ముందు తగ్గి తర్వాత పెరిగినా 9 అయి, అదే 11.7. రెండేళ్లూ తగ్గితే 8.1 లక్షలు. ఈ నాలుగూ కలిపి నాలుగుతో భాగించండి, 12.1 వస్తుంది. అది పదికి 1.1ని రెండుసార్లు గుణించినదే. ఏజెంటు సూత్రం ఇక్కడ పక్కాగా పనిచేసింది.

ఇప్పుడు ఆ నాలుగు దారుల్ని మళ్లీ చూడండి. 12.1 దాటింది ఎన్ని? ఒక్కటి. మూడు దారులు దానికి కిందే ఉన్నాయి. ఆ ఒక్క 16.9 మిగతా వాటిని పైకి లాగి సగటుని 12.1 చేసింది. నాలుగు దారుల్లో ఏ దారిలో వెళ్లినా సరిగ్గా 12.1 మాత్రం ఎవరికీ రాదు. ఒకసారి పెరిగి ఒకసారి తగ్గినప్పుడు కూడా సగటు పది శాతమే కదా, చేతిలో మాత్రం 11.7. రాబడుల్ని కూడి భాగిస్తారు గానీ డబ్బు మాత్రం గుణించుకుంటూ పోతుంది. ఈ తేడా తెలియక కాదు, చెబితే బేరం తెగదని చెప్పరు.

ఇదే పదేళ్లకి లాగితే ఎక్కువ అవకాశం ఉన్న ఫలితం ఐదేళ్లు పెరిగి ఐదేళ్లు తగ్గడం. ఏ వరసలో వచ్చినా ఒకటే, అది 21.92 లక్షలు. సరిగ్గా మధ్యన ఉండేదీ అదే, మధ్యగతం అంటారు. ఏడాదికి లెక్కేస్తే 8.17 శాతం. పదేళ్లలో కనీసం ఆరేళ్లు పెరిగితేనే 25.94 దాటేది. ఏటా రెండు అవకాశాలు కాబట్టి పదేళ్లకి మొత్తం 1024 దారులు. వాటిలో అలా జరిగేవి 386, అంటే వందకి 38 కంటే తక్కువ. మిగిలిన 62కి పైగా సార్లు బాబాయికి చెప్పిన మొత్తం రాదు. "సగటున వస్తుంది" అని చెప్పిన మొత్తం సగానికి పైగా సార్లు రాదు! దాన్ని ఒక టీచరుకి, ఒక పిల్ల చదువు పేరు చెప్పి అమ్ముతున్నారు.

ఏడాదికి ఏడు శాతం ఖాయంగా ఇచ్చే డిపాజిట్ ఒకటి ఉందనుకుంటే పదేళ్లకి 19.67 లక్షలు. ఈ స్కీములో నాలుగేళ్లు పెరిగి ఆరేళ్లు తగ్గితే 15.18 లక్షలే. నాలుగేళ్లో అంతకంటే తక్కువో పెరిగే అవకాశం కూడా 1024లో 386. అంటే కదలకుండా కూర్చున్న డిపాజిట్ కంటే తక్కువ వచ్చే అవకాశం వందలో 38 దగ్గర. ఆ మెరిసే కాగితంలో ఈ మాట ఏ మూలా లేదు.

ఇక అసలు దాచిన అంకె. పిల్లలకి నేను పదే పదే చెప్పేది విస్తృతి, అందరూ వేరియన్స్ అనేది, ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత. ఏటా పెరుగుదల 1.3 లేదా 0.9 కదా. వాటి వర్గాలు 1.69, 0.81. వాటి సగటు 1.25. ఏళ్ల మధ్య సంబంధం లేదు కాబట్టి పదేళ్లకి 1.25ని పదిసార్లు గుణించాలి, 9.313 వస్తుంది. అందులోంచి సగటు మొత్తం వర్గం, అంటే 1.1ని ఇరవైసార్లు గుణించిన 6.727, తీసేయాలి. మిగిలిన 2.586 విస్తృతి, దాని వర్గమూలం, అంటే ప్రామాణిక విచలనం, 1.608. పది లక్షల మీద 16.08 లక్షలు. సూత్రంగా కావాలంటే, ఒక రూపాయికి

((1+j)² + s²)ⁿ − (1+j)²ⁿ

ఇందులో j ఏడాది సగటు రాబడి, s ఆ ఏడాది రాబడి ప్రామాణిక విచలనం, n ఎన్నేళ్లో. మన లెక్కలో వరసగా 0.1, 0.2, 10.

25.94 లక్షల పక్కన 16 లక్షల ఊగిసలాట! ఏటా ఖచ్చితంగా పది శాతం ఇచ్చే డిపాజిట్ ఉంటే దాని సగటు మొత్తం కూడా 25.94 లక్షలే, విచలనం మాత్రం సున్న. ఆ కాగితం మీద మాత్రం ఈ రెండూ ఒకటే అంకె, ఒకటే గీత. ఆ రెండో అంకె రాయడానికి కాగితంలో చోటు లేకనా? కంపెనీ ఆఫీసు ఫోటోకి సగం పేజీ ఇచ్చారు.

ఏజెంటు ఏమన్నాడో తెలుసా? "ఆయ్, వేలమంది కడుతున్నారండి, అందరికీ కలిపి సరిపోద్దండి." ఇక్కడే నాకు పాత మంట లేచింది.

మాకు డ్రెయిను చివర ఒక పొలం ఉండేది. ఒక సార్వాకి, కంకి మీద ఉండగా వాన పట్టి, డ్రెయిను పొంగి పొలం పది రోజులు నీళ్లలో ఉంది. గింజ మొలకెత్తింది. ఇన్సూరెన్సుకి కట్టాం కదా అనుకున్నాం. దిగుబడి ఎంతో చూడటానికి చేసే పంట కోత ప్రయోగాలు ఎక్కడో మెరక పొలాల్లో పడ్డాయి, మా పొలం చేరిన ఇన్సూరెన్సు యూనిట్ మొత్తానికి సగటు దిగుబడి బాగానే ఉందన్నారు. నాన్నకి పైసా రాలేదు. ఆఫీసు మెట్ల మీద నాన్న "సగటు బాగుంది, మనదే బాలేదు" అని గొణుక్కుంటూ దిగడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ రోజు నుంచి సగటు అనే మాట ఎవరు అడ్డం పెట్టుకున్నా నేను ఊరుకోలేను.

అయినా ఆ పొలాల సంగతిలో కనీసం మునిగినవాడు మునిగితే మెరకవాడు పండించుకున్నాడు. ఈ స్కీములో అదీ లేదు. కట్టినవాళ్లంతా ఒకే సంచిలో ఉన్నారు. తగ్గిన ఏడు అందరికీ తగ్గుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. పక్కింటివాడి తోట చూసి ధైర్యం తెచ్చుకుందామంటే వాడి తోటా పడిపోయింది. వేలమంది చేరితే ఊగిసలాట తగ్గేది ఒకరి నష్టానికి మరొకరి నష్టంతో సంబంధం లేనప్పుడు. ఒకే గాలి అందరినీ కొట్టేచోట మందిని లెక్కపెట్టి లాభం లేదు. బాబాయికి దొరికేది ఒక్క పదేళ్లు, ఒక్క దారి. 1024 దారుల్నీ నడిచి సగటు తీసుకునే వీలు ఆయనకి లేదు.

ఇంకోటి, ఏళ్ల మధ్య సంబంధం లేదన్నది కూడా నేను లెక్క కోసం పెట్టుకున్నదే. మొదటి ఏడు ఎటు పోతే రెండో ఏడూ అటే పోయేలా ఉంటే రెండేళ్లకి రెండే దారులు, 16.9 లేదా 8.1. సగటు 12.5కి పెరుగుతుంది, ఊగిసలాట ఇంకా పెరుగుతుంది. అంటే ప్రమాదం పెరిగినప్పుడు కాగితం మీది అంకె ఇంకా అందంగా కనిపిస్తుంది! కాబట్టి ఎవరైనా సగటు రాబడి చూపిస్తే అది ఏళ్ల రాబడుల్ని కూడి భాగించినదా, లేక పదేళ్ల కింద పెట్టిన లక్ష నేటికి ఎంతయిందో దాన్నుంచి తీసినదా అని అడగండి. ఆ రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువుంటే ఊగిసలాట అంత ఎక్కువ. మన లెక్కలో పదికీ 8.17కీ మధ్య తేడా అక్కడి నుంచే వచ్చింది. నేను ఏజెంటుని ఇదే అడిగాను. "హెడ్డాఫీసులో కనుక్కుంటానండి" అన్నాడు. సంతకం మాత్రం ఈ రోజే కావాలట.

అతని మీద కూడా నాకు అంత కోపం లేదు, మన పక్క ఊరి కుర్రాడే, ఎవరో నేర్పించింది అప్పజెబుతున్నాడు. ఆ కాగితం అచ్చేసినవాళ్లకి విస్తృతి అంటే ఏమిటో తెలుసు. లెక్కలు చదివినవాళ్లే అక్కడ కూర్చుని ఉంటారు. వాళ్లని నేను క్షమించలేను.

కాగితం వెనక పదకొండు వరసలు రాశాను. ఒక్క ఏడూ పెరగకపోవడం నుంచి పదేళ్లూ పెరగడం దాకా, ఎదురుగా ఎంత వస్తుందో, 1024లో ఎన్నిసార్లో. పైన 137.86 లక్షలు, 1024లో ఒక్కసారి. రెండేళ్లే పెరిగితే 7.27 లక్షలు. అసలుకే నష్టం వచ్చే వరసలు మూడూ కలిపి 56, అంటే పద్దెనిమిదిలో ఒకటి. మూడేళ్లు పెరిగినా 10.51 లక్షలే.

బాబాయి కళ్లజోడు పెట్టుకుని కింద నుంచి పైకి ఒక్కో వరసా చదివారు. 137 దగ్గర ఆగలేదు. 15.18 దగ్గర వేలు పెట్టి "ఇది వస్తే పిల్ల ఫీజులు కట్టగలనా అమ్మాయీ" అని అడిగారు. ఏజెంటు వైపు తిరిగి "ఇవాళ సంతకం పెట్టను బాబూ, ఆదివారం మా అబ్బాయి వచ్చాక చూద్దాం" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.