‘నా గత మెయిల్ ప్రకారం’ అని రాస్తే కోపం ఎటు పోయింది?

“ఇంగ్లిష్ ఆఫీసు మెయిళ్లు తెలుగు చేసేవాళ్లకు ఒక మాట. ఉన్నది ఉన్నట్టు మాటకు మాట దించండి, అదే నిజాయితీ. ‘ప్లీజ్’, ‘కైండ్లీ’ ఉన్న మెయిల్‌లో కోపం ఎక్కడుంటుంది? అంత అనుమానమైతే, కోపం దాచే మాటల జాబితాలు బోలెడు తిరుగుతున్నాయి, ఒకటి దగ్గర పెట్టుకోండి. అంతేగానీ లేని కోపాన్ని మీరు కల్పించకండి.”

ఇలా సలహా ఇచ్చేవాళ్లున్నారు. మాటకు మాట దించమన్న వాళ్ల మొదటి మాట తేల్చాలంటే ఒక మెయిల్ ముందు పెట్టుకోవాలి. ఒకరు ఇంకొకరిని 3వ తేదీన కొన్ని సవరించిన లెక్కలు అడిగారు. 7వ తేదీ గడువు. జవాబు లేదు. 9వ తేదీన ఈ మెయిల్ వచ్చింది:

“ఐ యామ్ ష్యూర్ యూ హావ్ బీన్ బిజీ. యాజ్ పర్ మై ఈమెయిల్ ఆఫ్ ద థర్డ్, వి నీడెడ్ ద రివైజ్డ్ ఫిగర్స్ బై ద సెవెంత్. ఇట్ వుడ్ హావ్ బీన్ హెల్ప్‌ఫుల్ టు నో దట్ దే వుడ్ బి లేట్. ఐ హావ్ కాపీడ్ మై మేనేజర్ ఫర్ విజిబిలిటీ. ప్లీజ్ లెట్ మీ నో ఇఫ్ ఐ హావ్ మిసండర్‌స్టుడ్ ఎనీథింగ్.”

మాటకు మాట దించితే ఇలా వస్తుంది: “మీరు తీరిక లేకుండా ఉన్నారని నాకు నమ్మకం. 3వ తేదీ నాటి నా ఈమెయిల్ ప్రకారం, సవరించిన లెక్కలు 7వ తేదీకి మాకు అవసరమయ్యాయి. అవి ఆలస్యమవుతాయని తెలిసి ఉంటే సహాయకరంగా ఉండేది. తెలియడం కోసం మా మేనేజర్‌కు కాపీ పెట్టాను. నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే దయచేసి తెలియజేయండి.”

ఇందులో ఒక్క పదం వదల్లేదు. అయినా చదివినవారికి ఏమనిపిస్తుంది? ఎవరో నా తీరిక లేనితనాన్ని అర్థం చేసుకున్నారు, పాపం తమదే పొరపాటేమో అని సందేహిస్తున్నారు అనిపిస్తుంది. “అయ్యో, మీరేమీ తప్పుగా అర్థం చేసుకోలేదండీ” అని జవాబు రాసి, లెక్కల సంగతి మళ్లీ పక్కన పెట్టినా ఆశ్చర్యం లేదు. అటువైపు మనిషి అప్పటికే ఫిర్యాదు గడప దాకా వచ్చి నిలబడ్డారన్న సంగతి ఈ తెలుగులో ఎక్కడా లేదు.

కారణం వాక్యాల్లోనే ఉంది. ‘యాజ్ పర్’ను ‘ప్రకారం’ అనగానే అది చట్టం ప్రకారం, జాబితా ప్రకారం అన్నట్టు ఒక ఆధారం చూపడంగా మారిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ మాట ఇక్కడ చేసే పని వేరు: ఒకసారి చెప్పాను, మీరు చదివినట్టు లేదు అని గుర్తుచేయడం. తెలుగులో ఈ పనికి పెద్ద పదాలేవీ అక్కర్లేదు. ‘-ఏ’, ‘కదా’, ‘-ఐనా’ లాంటి చిన్న చేర్పులు చాలు. “3వ తేదీ మెయిల్‌లో రాశాను” అంటే సమాచారం. “3వ తేదీ మెయిల్‌లోనే రాశాను” అంటే చిరాకు తొంగిచూస్తుంది. “3వ తేదీ మెయిల్‌లోనే రాశాను కదా” అంటే చిరాకు బయటపడినట్టే. ఒక్కొక్క చేర్పుతో ఒక్కొక్క మెట్టు. అనువాదకుడి చేతిలో ఉన్న అసలు పనిముట్లు ఇవి, మాటకు మాట పద్ధతిలో ముందుగా జారిపోయేవీ ఇవే. ఇంగ్లిష్‌లో వీటికి ఎదురుగా విడి పదం ఉండదు కాబట్టి పదాలు లెక్కపెట్టుకునేవాళ్లకు ఇవి కనిపించవు.

‘ఇట్ వుడ్ హావ్ బీన్ హెల్ప్‌ఫుల్’ ఇంకా జారుడు మెట్టు. జరగనిదాని గురించి ఇలా అనడం ఇంగ్లిష్ ఆఫీసు రాతలో చాలాసార్లు నింద. తెలుగులో ‘తెలిసి ఉంటే బాగుండేది’ అనేది విచారం, ఎవరి తప్పూ ఎత్తిచూపదు. ‘ముందే ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది’ అంటే తప్పు అవతలివారి వైపు కాస్త జరుగుతుంది. ‘ముందే చెప్పాల్సింది’ అంటే నేరుగా మందలింపు. ఈ మెయిల్‌కి నడిమిది సరిపోతుంది. మూడోది వాడితే, రాసినవారు జాగ్రత్తగా దాచుకున్నదాన్ని మనం బయటికి లాగినట్టవుతుంది.

చివరి వాక్యం నిజంగా సందేహం కాదు. తేదీలు రెండూ పక్కపక్కన పెట్టాక తప్పుగా అర్థం చేసుకోవడానికి మిగిలిందేమీ లేదు. అయినా ‘దయచేసి తెలియజేయండి’ అనేసరికి తెలుగులో అది వినయంగా వినిపిస్తుంది. ‘నేనే పొరబడ్డానంటే అదైనా చెప్పండి’ అన్నప్పుడు ఆ ‘-ఏ’, ‘-ఐనా’ కలిసి దానిలోని పుల్లవిరుపును తెస్తాయి.

అన్నీ కలిపితే: “మీకు పని ఒత్తిడి ఉండే ఉంటుంది. కానీ సవరించిన లెక్కలు 7వ తేదీకల్లా కావాలని 3వ తేదీ మెయిల్‌లోనే రాశాను. ఆలస్యమయ్యేట్టుంటే ముందే ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది. విషయం మా మేనేజర్‌కి కూడా తెలిసేలా ఈ మెయిల్ కాపీ పంపాను. నేనే పొరబడ్డానంటే అదైనా చెప్పండి.” తిట్టు ఒక్కటీ లేదు. కానీ దీన్ని చదివి ఎవరూ లెక్కలు పక్కన పెట్టరు.

‘ప్లీజ్’ ఉంటే కోపం ఉండదన్న రెండో మాటకి జవాబు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. రోజూ ‘నువ్వు’ అనే మనిషి ఒక ఉదయం ‘తమరు వేంచేశారా’ అంటే అది గౌరవమని ఎవరూ పొంగిపోరు. మర్యాద ఎంత ఉందన్నది కాదు, నిన్నటికంటే ఎంత పెరిగిందన్నది చూడాలి. ఇంగ్లిష్ మెయిల్‌లోనూ అంతే. నిన్నటిదాకా ‘హాయ్’తో మొదలై ‘థాంక్స్ సో మచ్’తో ముగిసే మనిషి, ఇవాళ ‘డియర్’ అని మొదలుపెట్టి ‘రిగార్డ్స్’ అని ముగిస్తే, మధ్యలో ఎన్ని ‘ప్లీజ్’లు ఉన్నా దూరం పెరిగినట్టే. అందుకే ఒక్క మెయిల్ మాత్రమే చేతికిచ్చి తెలుగు చేయమంటే ఒప్పుకోకండి. అదే మనిషి అంతకుముందు రాసిన రెండు మూడు మెయిళ్లు అడగండి. ఆయన మామూలుగా ఎలా రాస్తారో తెలియకుండా మామూలు తప్పిందో లేదో తేల్చలేం.

అయితే ఈ ‘తమరు’ను అనువాదంలోకి తెచ్చేయాలని తొందరపడకండి. తెలుగు ‘తమరు’లో వెటకారం బాహాటంగా ఉంటుంది. ఇంగ్లిష్ ‘డియర్’లో అంత ఉండదు. పిలుపు మారిన సంగతి పక్కన ఒక ముక్కలో చెప్పడమే మేలు.

ఇక జాబితాలు. ‘జెంటిల్ రిమైండర్ అంటే కోపం, ప్లీజ్ అడ్వైజ్ అంటే విసుగు’ అని రెండు వరుసల్లో తిరిగే ఆ పట్టికలు సరదాకి బాగుంటాయి. పనికి పెడితే రెండువైపులా తప్పు చేస్తాయి. ‘కైండ్లీ’, ‘జెంటిల్ రిమైండర్’ కొందరికి మామూలు రాత అలవాటు. గడువుకి రెండు రోజుల ముందు వచ్చిన ‘జెంటిల్ రిమైండర్’ ఉత్త గుర్తుచేయడమే. గడువు దాటాక మూడోసారి వస్తే మాత్రం వేరే సంగతి. అటు తిప్పితే, పట్టికలో ఏ మాటా లేని ‘నోటెడ్.’ అన్న ఒంటరి జవాబు, రెండు పేజీల వివరణకి ఎదురుగా వస్తే, తలుపు మూసిన చప్పుడే.

మాటకంటే చుట్టుపక్కల ఆనవాళ్లు నమ్మదగినవి: ఇది ఎన్నోసారి అడగడం, గడువు దాటిందా, తేదీలు ఎత్తి రాశారా, కాపీలో కొత్తగా పైవాళ్లు ఎవరైనా చేరారా, పిలుపూ ముగింపూ మారాయా. వీటిలో ఒక్కటే కనిపిస్తే తెలుగు మామూలుగానే ఉంచండి. రెండు మూడు కలిసి వస్తే అప్పుడు ‘-లోనే’, ‘-ఐనా’ బయటికి తీయండి. పై మెయిల్‌లో మొదటి నాలుగూ ఉన్నాయి, పాత మెయిళ్లు చూడకుండానే. ఇది శాస్త్రం కాదు, వాడి చూస్తే నిలబడే కొలత. ఇంగ్లిష్ పుట్టుభాష అయినవాళ్లకి మాత్రం ఇదంతా ఇట్టే తెలుస్తుందనుకోవద్దు. మెయిల్‌లో తమ వ్యంగ్యం చదివేవారికి అందుతుందని రాసేవాళ్లు నమ్మినంతగా అది అందడం లేదని 2005లో అమెరికా మనస్తత్వ పరిశోధకులు ప్రయోగాల్లో చూపారు.

లేని కోపాన్ని కల్పించొద్దన్న చివరి మాటలో మాత్రం సగం నిజం ఉంది. అతిగా పోయే అనువాదకులు ఉన్నారు. ‘యాజ్ పర్ మై ఈమెయిల్’ను ‘ఎన్నిసార్లు చెప్పాలి మీకు?’ అని దించితే చదివినవారు అదే వేడిలో జవాబిస్తారు. అప్పుడు అసలు రాసినవారు ‘నేనెప్పుడలా అన్నాను, తేదీ గుర్తుచేశానంతే’ అంటారు. అనగలరు కూడా, ఎందుకంటే వాళ్లు నిజంగానే అనలేదు. భాషాతత్త్వవేత్త పాల్ గ్రైస్ చెప్పిన లక్షణం ఇది: మాటల వెనక స్ఫురింపజేసిన అర్థాన్ని, మాటకు విరుద్ధం కాకుండానే, తర్వాత కాదనవచ్చు. ఆ తప్పించుకునే సందు కూడా మెయిల్‌లో భాగమే. కోపం తెలియాలి, కానీ ‘నేనలా అనలేదు’ అనే వీలు తెలుగులోనూ మిగలాలి. ‘మెయిల్‌లోనే రాశాను’లో ఆ వీలుంది, ‘ఎన్నిసార్లు చెప్పాలి’లో లేదు. మీ వాక్యం కొలవడానికి ఇదే పరీక్ష: రాసినవారు దాన్ని చదివి ‘నేనన్నది ఇదే’ అని ఒప్పుకోగలరా?

అనువాదంలో పట్టనిది ఉంటే కింద విడిగా మూడు నాలుగు చిన్న వాక్యాల గమనిక రాయండి, వాక్యాల మధ్య కలపకండి. ఈ మెయిల్‌కి అది ఇలా ఉండొచ్చు: “రాసినవారు అసంతృప్తిగా ఉన్నట్టుంది. గడువు దాటింది, పైఅధికారిని కాపీలో పెట్టారు. పొరబడితే చెప్పమన్నది నిజంగా సందేహం అయ్యుండకపోవచ్చు. లెక్కలు ఏ రోజు వస్తాయో వెంటనే తెలపమని ఆశిస్తున్నారు.” కోపం ఉందని తీర్పు చెప్పకుండా ఆనవాళ్లు చూపి ‘ఉన్నట్టుంది’ అనడం ఇక్కడ ముఖ్యం. మెయిల్ ఏదైనా ఫిర్యాదుకో విచారణకో కాగితంగా వెళ్లేదైతే అసలు వచనాన్ని సాదాగా ఉంచి, ‘-లోనే’ల బరువు కూడా గమనికలోకే మార్చండి. అక్కడ ప్రతి పదాన్నీ పట్టుకుని వాదించేవాళ్లు ఉంటారు.

గమనిక పనిచేసిందో లేదో వచ్చే జవాబులో తెలిసిపోతుంది. ‘మీరు తప్పుగా అర్థం చేసుకోలేదు’ అని వస్తే చేయలేదన్నమాట. “ఆలస్యం మావల్లే జరిగింది, ముందే చెప్పలేకపోయాం. లెక్కలు రేపు సాయంత్రానికి పంపుతాం” అని, అదే మేనేజర్‌ని కాపీలో ఉంచి వస్తే, చేసింది.