రీబిల్ట్ టైటిల్ కారు కొనమని జూనియర్లకు చెప్పకండి

ఆగస్టులో డాలస్‌లో దిగే ఎమ్మెస్ పిల్లలకు మన సీనియర్లు కొందరు ఇచ్చే సలహా వింటుంటే ఒళ్ళు మండుతోంది. "రెండేళ్ళేగా తిరిగేది, రీబిల్ట్ టైటిల్ ఉన్న నిస్సాన్ ఆల్టిమా 5,000 డాలర్లకే వస్తోంది, తీసేస్కో" అంటారు. రెండేళ్ళే కాబట్టే దాని జోలికి పోకూడదు. కోర్సయ్యాక దాన్ని అమ్ముకోవాల్సింది ఆ పిల్లలే కదా!

యాక్సిడెంట్లోనో వరదలోనో దెబ్బతిన్న కారును బాగుచేయించడం దండగని ఇన్సూరెన్స్ కంపెనీ వదిలేస్తే, దాన్ని ఎవరో కొని రిపేరు చేసి మళ్ళీ రోడ్డెక్కిస్తారు. అదీ రీబిల్ట్. ఎన్ని చేతులు మారినా టైటిల్ మీద, అంటే కారు యాజమాన్య పత్రం మీద, ఆ ముద్ర పోదు. మన కారుకైన నష్టానికి కూడా డబ్బిచ్చే ఫుల్ కవరేజ్ ఇవ్వడానికి చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు వెనకాడతాయి.

ఒక లెక్క వేద్దాం. 2011 టొయోటా కరోలా, ఆ ముద్ర లేని క్లీన్ టైటిల్, 1,30,000 మైళ్ళు, 7,000 డాలర్లు అనుకోండి. రెండేళ్ళయ్యాక 5,500కి అమ్మినా పోయేది 1,500. ఆ 5,000 ఆల్టిమాను 2,000కి ఎవరైనా అడిగితే గొప్ప, పోయేది 3,000. పైగా 2013-16 ఆల్టిమాల్లో ఉండే సీవీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మీద కోర్టు కేసులు నడిచి నిస్సాన్ వారంటీ పొడిగించింది. ఆ గడువూ ఎప్పుడో దాటిపోయింది. మధ్యలో గేర్‌బాక్స్ పోతే దాని ఖర్చులోనే కారు విలువంతా కొట్టుకుపోతుంది.

క్లీన్ టైటిలైనా గుడ్డిగా కొనొద్దు. చూడ్డానికి వెళ్ళేముందు ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవాళ్ళకు చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే చల్లని ఇంజన్‌లో వినిపించే చప్పుడేదో దాస్తున్నారేమోనని అనుమానించండి. తర్వాత కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే 20 డాలర్ల ఓబీడీ స్కానర్‌ను స్టీరింగ్ కింది పోర్టుకి పెట్టండి. కోడ్‌లు ఏమీ లేవని చూపించగానే సంబరపడకండి. కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపే రెడీనెస్ అనే పేజీ తెరవండి. అక్కడ చాలావరకు "నాట్ రెడీ" అని ఉంటే, చెక్ ఇంజన్ లైటును ఈమధ్యే చెరిపేశారనో, బ్యాటరీ తీసి పెట్టారనో అర్థం. కొన్ని రోజులు నడిపితే గానీ అవి మళ్ళీ రెడీ అవ్వవు. అమ్మేవాళ్ళు "నిన్ననే బ్యాటరీ మార్చాం" అంటే, వాళ్ళనే వారం నడపమని, ఆ తర్వాత వస్తామని చెప్పి వచ్చేయండి. టెక్సస్‌లో 2025 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కాబట్టి, బ్రేకులు, టైర్లు చూసే ఆ కాస్త తనిఖీ కూడా ఇప్పుడు లేదు. నచ్చిన కారును డబ్బిచ్చేముందు మీరు ఎంచుకున్న మెకానిక్‌కే చూపించండి.

రూమ్మేట్‌తో కలిసి కొంటే టైటిల్‌లో ఒక్కరి పేరే పెట్టించి, వాటా సంగతి విడిగా కాగితం మీద రాసుకోండి. ఇద్దరి పేర్లుంటే అమ్మేటప్పుడు మామూలుగా ఇద్దరి సంతకాలూ కావాలి. అప్పటికి ఒకరు ఉద్యోగమొచ్చి వేరే రాష్ట్రంలో ఉంటారు. కోర్సయిపోయే మేలో అందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు, రేటు పడిపోతుంది. మార్చిలోనే ప్రకటన పెట్టేసి, కారు మాత్రం సెమిస్టర్ చివర్లో ఇస్తానని బేరం కుదుర్చుకోండి.